ఒక గీత, రెండు పొరపాట్లు

మా బాబాయ్ రిటైరయ్యాక శంషాబాద్ మండలం పాల్మాకులలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. చిన్నప్పుడు తైత్తిరీయ శాఖ కొంత నేర్చుకున్నారు, తర్వాత ఉద్యోగంలో పడి వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. పుస్తకాల్లో అక్షరాలు చిన్నవి, ఆయన కళ్ళకు ఆనడం లేదు. "పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసివ్వరా, స్వరాలు మాత్రం పోకూడదు" అన్నారు.

టెక్స్ట్ నా దగ్గరికి యూనికోడ్‌లో వచ్చింది. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, ఉత్త ప్రింట్ ఎందుకు, రంగులు వేద్దాం అనుకున్నాను: ఉదాత్తం ఎర్రగా, అనుదాత్తం నీలంగా. అక్షరం మీద నిలువు గీత, అక్షరం కింద అడ్డ గీత, ఇవి రెండే గుర్తులు కనిపిస్తున్నాయి. నిలువు గీత ఏమిటో తెలియక కంప్యూటర్నే అడిగాను.

```python
import unicodedata
print(unicodedata.name("\u0951"))
# DEVANAGARI STRESS SIGN UDATTA
```

ఇంకేం కావాలి? పేరులోనే ఉదాత్తం అని ఉంది. నిలువు గీత ఉన్న అక్షరాలన్నిటికీ ఎరుపు వేసి, ఆదివారం పాల్మాకుల తీసుకెళ్ళాను. బాబాయ్ మొదటి పేజీ చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఏరా, స్వరితాలన్నిటినీ ఉదాత్తాలు చేసి పెట్టావేంటి?"

"యూనికోడ్‌లో అలాగే ఉంది బాబాయ్."

"ఉంటే ఉండనీ. నిలువు గీత స్వరితం. ఉదాత్తానికి అసలు గుర్తే ఉండదు."

ఇంటికొచ్చి యూనికోడ్ పట్టిక చూస్తే, ఆ పేరు కిందే చిన్న వివరణ ఉంది: ఈ గుర్తును ఎక్కువగా స్వరితానికే వాడతారు, ఉదాత్తానికి అరుదుగా వాడతారు అని. యూనికోడ్‌లో ఒకసారి పెట్టిన పేరు మార్చరు, మారిస్తే పాత ప్రోగ్రాములు దెబ్బతింటాయి. అందుకని తప్పు పేరు అలాగే ఉండిపోయింది, సవరణ పక్కన చేరింది. కొంచెం చదివాక ఆ పేరులో తప్పు ఒకటి కాదు, రెండున్నాయని అర్థమైంది. ఉదాత్తం అనడం ఒకటి. 'స్ట్రెస్' అనడం రెండోది. ఈ రెండో తప్పే పెద్దది, దాని చరిత్ర కూడా పాతది.

*

గొంతు పైకీ కిందికీ వెళ్ళడం అన్ని భాషల్లోనూ ఉంది. ఆ ఎగుడుదిగుళ్ళు ఏ పని చేస్తున్నాయన్నదే తేడా.

తెలుగులో 'ఊఁ' తీసుకోండి. ఫోన్లో అమ్మ ఏదో చెబుతుంటే కిందికి దించి 'ఊఁ' అంటాం: వింటున్నాను, చెప్పు. పైకి లేపి 'ఊఁ?' అంటే: ఏమన్నావు? పైకెక్కించి, సాగదీసి, కిందికి దించితే: అబ్బో, అలాగా! ఒకే మాట, మూడు అర్థాలు. మరైతే తెలుగు కూడా చైనీస్ లాంటి భాషేనా?

కాదు. దానికొక తేలికైన పరీక్ష ఉంది. ఆ రాగాన్ని ఈ మాట మీద నుంచి తీసి ఇంకో మాట మీద పెట్టి చూడాలి. పైకి లేచే రాగాన్ని 'వచ్చాడు' మీద పెడితే 'వచ్చాడు?' అవుతుంది. 'పాల్మాకుల' మీద పెడితే 'పాల్మాకుల?' అవుతుంది. ఎక్కడ పెట్టినా అది ప్రశ్నే. అంటే ఆ ప్రశ్న మాటలో లేదు, రాగంలో ఉంది. మాట మారినా రాగం తన అర్థం తనతో తీసుకెళ్తోంది. ఇది వాక్యానికి చెందిన స్వరం, ఇంటొనేషన్. ఏ మాట ఎంచుకున్నామన్నదానితో దీనికి పని లేదు, ఆ మాటతో ఏం చేస్తున్నామన్నదే దీని సంగతి.

ఇప్పుడు పంజాబీ. మా టీమ్‌లో ఒక లూధియానా అబ్బాయి ఉన్నాడు. గుర్రానికి మనం హిందీలో 'ఘోడా' అంటాం. పంజాబీలో కూడా రాసేటప్పుడు 'ఘ'తోనే రాస్తారు. పలికేటప్పుడు మాత్రం ఆ ఒత్తు పోయి 'కోడా' అయింది, పోతూ పోతూ అచ్చును కిందికి దించి పోయింది. దించకుండా సమంగా 'కోడా' అంటే కొరడా. పైకెత్తి 'కోడా' అంటే కుష్ఠురోగి. మొదటిసారి విన్నప్పుడు నాకు మూడూ ఒకేలా వినిపించాయి, వాడికి మాత్రం అవి మూడు వేర్వేరు మాటలు. పరీక్ష పెట్టి చూడండి: గుర్రం మీది కింది స్వరాన్ని తీసి ఇంకో మాట మీద పెడితే గుర్రం రాదు. ఆ స్వరానికి సొంత అర్థం లేదు. 'క'కూ 'గ'కూ ఎలా సొంత అర్థం లేదో అలాగే. అది మాట తయారైన సరుకులో ఒక భాగం. పదస్వరం, టోన్, అంటే ఇదే.

మూడోది ఇంగ్లీషు స్ట్రెస్, అంటే ఊనిక. 'రికార్డ్' నామవాచకం అయితే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో దాని మీద. ఇది కూడా మాటలను వేరు చేస్తోంది కాబట్టి పదస్వరమే కదా అనిపిస్తుంది. కానీ ఊనిక పడిన అక్షరం పొడుగవుతుంది, గట్టిగా వినిపిస్తుంది, దాని అచ్చు స్పష్టంగా ఉంటుంది. పడని అక్షరంలో అచ్చు నలిగిపోతుంది. గొంతు ఎత్తు మాత్రం స్థిరం కాదు. నామవాచకాన్ని మామూలుగా చెబితే మొదటి అక్షరం ఎత్తుగా ఉండి తర్వాత దిగుతుంది. అదే మాటను ఆశ్చర్యంగా ప్రశ్నిస్తే మొదటి అక్షరం కింద ఉండి తర్వాత పైకి లేస్తుంది. ఎత్తు తలకిందులైనా ఊనిక మొదటి అక్షరం మీదే ఉంది, మాట మారలేదు. కాబట్టి ఊనిక అంటే ఎత్తు కాదు, ఒక అక్షరానికి మిగతావాటి మీద ఇచ్చే పెద్దరికం.

తెలుగులో మాటను మార్చే ఊనికా లేదు, మాటను మార్చే స్వరమూ లేదు. మనకున్నది వాక్యరాగం ఒక్కటే. అందుకే పైకీ కిందికీ వెళ్ళేది ఏది విన్నా, మన చెవి దాన్ని భావంగానో పాటగానో లెక్కేస్తుంది.

*

ఇంతకీ వేదంలోని స్వరం ఈ మూడింటిలో ఏది? దీనికి జవాబు చెప్పే కథ తైత్తిరీయ సంహిత రెండో కాండలోనే ఉంది. త్వష్ట కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపుతాడు. త్వష్ట కోపంతో ఇంద్రుణ్ణి పిలవకుండా సోమయాగం చేస్తాడు. ఇంద్రుడు బలవంతంగా వచ్చి సోమం తాగేస్తాడు. మిగిలిన సోమాన్ని త్వష్ట అగ్నిలో వేసి, ఇంద్రశత్రువు వర్ధిల్లాలి అంటాడు. వృత్రుడు పుడతాడు, పెరుగుతాడు. చివరికి ఇంద్రుణ్ణి చంపడు, ఇంద్రుడి చేతిలో చస్తాడు.

క్రీ.పూ. రెండో శతాబ్దానికి చెందిన పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ, ఈ ఉదంతాన్ని ఉదాహరణగా తెస్తాడు. ప్రయోగం తప్పింది మాటలో కాదు, స్వరంలో.

ఇక్కడ శత్రువు అంటే పగవాడు అని తీసుకుంటే కథ సరిగ్గా పొసగదు. నీకు నేను పగవాణ్ణైతే నాకు నువ్వూ పగవాడివే, తేడా ఏముంది? ఈ చోట శత్రువు అంటే చంపేవాడు అని నిరుక్తకారుడు యాస్కుడు వివరిస్తాడు. అప్పుడు సమాసానికి రెండు ఎదురెదురు అర్థాలు వస్తాయి. ఇంద్రుణ్ణి చంపేవాడు అంటే తత్పురుషం. ఇంద్రుడు ఎవణ్ణి చంపేవాడో వాడు అంటే బహువ్రీహి. అక్షరాలు రెండిట్లోనూ అవే.

రెంటినీ విడదీసేది ఉదాత్తం ఉన్న చోటు. పాణిని ఆరో అధ్యాయంలో రెండు నియమాలున్నాయి. సమాసానికి మామూలుగా చివరి అక్షరం ఉదాత్తం. బహువ్రీహిలో మాత్రం మొదటి పదం తన స్వరాన్ని తాను నిలుపుకుంటుంది. 'ఇంద్ర' పదంలో ఉదాత్తం మొదటి అక్షరం మీద ఉంది. కాబట్టి బహువ్రీహిలో 'ఇం' ఉదాత్తం, తత్పురుషంలో చివరి 'త్రుః' ఉదాత్తం. త్వష్టకు కావలసింది చివరిది, పలికింది మొదటిది. పదాన్ని విడిగా తీసుకుని బాబాయ్ పుస్తకం పద్ధతిలో రాస్తే ఇలా ఉంటాయి:

ఇంద్ర॑శత్రుః : ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు
ఇం॒ద్ర॒శ॒త్రుః : ఇంద్రుణ్ణి చంపేవాడు

మన పరీక్ష ఇక్కడ పెడదాం. వాక్యం మారలేదు, రెండుసార్లూ అదే ఆజ్ఞ. త్వష్ట ప్రశ్నించలేదు, వెటకారం చేయలేదు. కాబట్టి ఇది వాక్యరాగం కాదు. మాట నిర్మాణమే మారింది.

మరి ఊనిక అయి ఉండొచ్చుగా? ఉచ్చం, నీచం అని పాణిని అన్నాడు గానీ, అది ఎత్తో, గట్టితనమో ఎలా తెలుస్తుంది? ఈ అనుమానం పతంజలికే వచ్చింది. ఒకడు చదువుతుంటే పక్కనున్నవాడు ఎందుకలా అరుస్తావు, తగ్గించు అంటాడు, అదే చదువును ఇంకొకడు వినపడటం లేదు, పెంచు అంటాడు, మరి ఉచ్చం అంటే ఏది అని అడుగుతాడు. జవాబుగా ఆయన ఇచ్చే లక్షణాలు శరీరానికి సంబంధించినవి. ఉదాత్తం పలికేటప్పుడు అవయవాలు బిగుసుకుంటాయి, ధ్వని కరుకుగా ఉంటుంది, కంఠరంధ్రం ఇరుకవుతుంది. అనుదాత్తంలో అవి వదులవుతాయి, ధ్వని మెత్తగా ఉంటుంది, రంధ్రం వెడల్పవుతుంది. తైత్తిరీయ ప్రాతిశాఖ్యలోనూ ఇదే వర్ణన ఉంది. నాదతంత్రులు బిగిస్తే స్వరం ఎత్తవుతుందని ఇప్పుడు మనకు తెలుసు. వీణ బిరడా తిప్పినవాళ్ళకు ఎప్పుడూ తెలుసు. ఇది గట్టితనం వర్ణన కాదు, ఎత్తు వర్ణన. ఆ ఎత్తు కూడా ఎవరి గొంతుకు వారిదే. బాబాయ్ ఉదాత్తం కంటే ఎనిమిదేళ్ళ పిల్లాడి అనుదాత్తం పైన ఉండొచ్చు, అయినా ఎవరి స్వరాలు వాళ్ళవి సరిగ్గానే ఉంటాయి.

అలాగని వేదభాషను చైనీస్ పక్కన కూర్చోబెట్టలేం. చైనీస్‌లో దాదాపు ప్రతి అక్షరమూ తన స్వరాన్ని తానే ఎంచుకుంటుంది. వేదంలో ఒక పదానికి సాధారణంగా ఒకే ఉదాత్తం, అది ఎక్కడుందో తెలిస్తే మిగతా అక్షరాల స్వరాలు చాలావరకు లెక్క ప్రకారం వచ్చేస్తాయి. దీనికి దగ్గరి చుట్టం జపనీస్. టోక్యోలో 'హషి' అన్న మాటలో మొదటి అక్షరం పైన ఉంటే తినే పుల్లలు, రెండోది పైన ఉంటే వంతెన. పదానికి ఒక శిఖరం, ఆ శిఖరం చేసేది ఎత్తుతో. పరిమితమైన స్వరభాష అనుకోవచ్చు.

పదస్వరమూ వాక్యస్వరమూ వేరని పాణిని ఎంత స్పష్టంగా చూశాడో ఆయన సూత్రాలు పెట్టిన చోట్లే చెబుతాయి. పదాల స్వరం ఎక్కువగా ఆరో అధ్యాయంలో ఉంది. ఎనిమిదో అధ్యాయం రెండో పాదంలో, 82వ సూత్రం దగ్గర, 'వాక్యం' అన్న మాటతో కొత్త ప్రకరణం మొదలవుతుంది. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు వాక్యం చివరి అచ్చు మూడు మాత్రలకు సాగి, ఉదాత్తమవుతుందని అక్కడ చెప్పాడు. పిలిచేవాడి పేరు ఏదైనా సరే, దాని సొంత స్వరం ఏదైనా సరే, పిలుపుకు పిలుపు రాగం ఉంది. మన 'ఊఁ' పరీక్షే ఇది.

*

ఇంత స్పష్టంగా ఎత్తు అని రాసి పెట్టినదాన్ని స్ట్రెస్ అని ఎవరన్నారు? ఒక్కరి మీద నేరం మోపలేం. మాట అర్థం జారుతూ వచ్చింది.

ప్రాచీన గ్రీకులో కూడా పదానికి స్వరం ఉండేది. ఎత్తు, దిగుడు, ఎక్కి దిగడం, వీటిని చూపే గుర్తులను అలెగ్జాండ్రియా పండితులు క్రీ.పూ. 200 ప్రాంతంలో పెట్టారంటారు. గ్రీకులు దాన్ని 'ప్రోసోడియా' అన్నారు, అంటే పాటతో కూడినది. లాటిన్ వాళ్ళు దాన్ని ముక్కకు ముక్క అనువదించి 'అక్సెంటుస్' చేశారు, దాంట్లోనూ పాట ఉంది. ఇంగ్లీషు 'యాక్సెంట్' అక్కడి నుంచే వచ్చింది. ఈలోగా గ్రీకులో ఎత్తు పోయి ఆ చోట ఊనిక వచ్చింది. గీతలు మాత్రం రాతలో ఉండిపోయాయి, 1982లో గ్రీసు ప్రభుత్వం మూడింటినీ తీసేసి ఒకే గుర్తు చేసేదాకా. పాట అని పుట్టిన మాటకు ఊనిక అని అర్థం స్థిరపడింది. పంతొమ్మిదో శతాబ్దపు సంస్కృత వ్యాకరణాల్లో 'స్వరం' అనే మాట యూరపు భాషల్లో 'యాక్సెంట్' అయింది. ఆ పండితులకు అది ఎత్తు అని తెలుసు. తర్వాత ఆ మాటను మాత్రమే చూసినవాళ్ళు స్ట్రెస్ అనుకోవడం ఆశ్చర్యం కాదు. 2009లో యూనికోడ్‌కు వేదాల కోసం కొత్త గుర్తుల భాగం చేరినప్పుడు, అందులోని దీర్ఘస్వరితపు జంట గీతకు `VEDIC TONE DOUBLE SVARITA` అని పేరు పెట్టారు. అక్కడ స్ట్రెస్ పోయి టోన్ వచ్చింది. పాత గీతకే ఆ భాగ్యం లేదు.

మరి మొదటి తప్పు, ఉదాత్తం అనడం? అది కేవలం అజ్ఞానం కాదు. కాఠక, మైత్రాయణీ శాఖల రాతప్రతుల్లో నిలువు గీత నిజంగానే ఉదాత్తం. ఋగ్వేదంలోనూ తైత్తిరీయంలోనూ అదే గీత స్వరితం. పైగా చెవి కూడా మోసం చేస్తుంది. బాబాయ్ చదువుతుంటే వినండి: అనుదాత్తం కింద, ఉదాత్తం మధ్యలో, స్వరితం అన్నిటికన్నా పైన. ఉదాత్తం అంటే పైకెత్తినది అని కదా అర్థం, మరి పైన వినిపించేది స్వరితం ఎందుకైంది?

ఇదీ ప్రాతిశాఖ్యల్లోనే ఉంది. ఉదాత్తం తర్వాత వచ్చే స్వరితం మొదటి భాగం ఉదాత్తం కంటే కూడా ఎత్తులో ఉంటుందని, అక్కడి నుంచి కిందికి జారుతుందని తైత్తిరీయ ప్రాతిశాఖ్య చెబుతుంది. గొంతు స్విచ్ కాదు. ఉదాత్తం దగ్గర ఎక్కడం మొదలుపెట్టిన గొంతు శిఖరం చేరేసరికి ఆ అక్షరం అయిపోయి తర్వాతి అక్షరం వచ్చేస్తుంది. ఇలా శిఖరం ఆలస్యంగా పడటం ఇప్పటి భాషల్లోనూ కనిపించేదే. అప్పట్లో స్వరితం మొదట్లో మాత్రమే ఉన్న ఎత్తు, ఇప్పటి పారాయణలో స్వరితం అంతటా పరుచుకుంది. గుర్తు ఆ ఎత్తు ఉన్నచోట పడింది. మాటను నిర్ణయించే ఉదాత్తం మాత్రం దాని ముందు, ఏ గుర్తూ లేకుండా ఉంది.

ఇది తెలిశాక ప్రోగ్రాం సరిచేయడం కష్టం కాలేదు. గుర్తు లేని అక్షరం రెండు రకాలు. వాక్యం మొదట్లో గానీ, కింది గీత తర్వాత గానీ వస్తే ఉదాత్తం. నిలువు గీత తర్వాత వస్తే అది ప్రచయం, అంటే అనుదాత్తమే గానీ సమస్థాయిలో సాగిపోయేది, మళ్ళీ కింది గీత వచ్చేదాకా. పైన 'ఇంద్ర॑శత్రుః'లో 'ఇం' మొదటిది, 'శత్రుః' రెండోది. నిలువు గీతలు లెక్కపెట్టే నా మొదటి ప్రోగ్రాం ఎర్ర రంగును 'ద్ర' మీద వేసింది. ఏ అర్థంలోనూ ఉదాత్తం లేని అక్షరం అది.

*

మాట్లాడే సంస్కృతంలో ఈ స్వరం క్రమంగా పోయింది. కాళిదాసును చదవడానికి మనకు గీతలు అక్కర్లేదు. వేదంలో మాత్రం నిలిచింది, కానీ ఒక మార్పుతో. పాణిని నాటి శ్రోత 'ఇంద్రశత్రుః' వినగానే ఏ సమాసమో పట్టుకునేవాడు. ఇప్పుడు తెలుగు మాతృభాషగా నేర్చుకునే పిల్లాడు దాన్ని రాగంగా కంఠస్థం చేస్తాడు. తప్పు పలికితే గురువుకు తెలుస్తుంది, ఎందుకంటే గురువుకు ఆ రాగం గుర్తుంది. అర్థం మారిందని కాదు.

ఈ సంగతే బాబాయ్‌తో అన్నాను. "అంటే మేం పాట పాడుతున్నామంటావు" అన్నారు, కాస్త నొచ్చుకుని.

"కాదు బాబాయ్, పాటయితే నచ్చినట్టు మార్చుకునేవాళ్ళు. మీరు మార్చలేదు. అందుకే త్వష్ట ఎక్కడ తప్పాడో ఇవాళ చూపించగలుగుతున్నాం."

ఆయన కొత్త ప్రింట్ తీసి, వేలితో ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే తాకుతూ రెండు పేజీలు చదివారు. పైన విమానం దిగుతోంది, అది వెళ్ళేదాకా ఆగారు. ఒక్కచోట వేలు నిలిపి, "ఇక్కడ కింది గీత పడలేదు, చూడు" అన్నారు. చూశాను. టైపు చేసినవాళ్ళు మర్చిపోయారు. ఆ గీత లేకపోవడంతో నా ప్రోగ్రాం తర్వాతి ఉదాత్తాన్ని ప్రచయం అనుకుంది.

లాప్‌టాప్ తెరిచి ఆ గీత పెట్టాను. దాని పేరు `DEVANAGARI STRESS SIGN ANUDATTA`. దీంట్లో ఒక్క తప్పే ఉంది.